అడాప్టివ్ క్వాడ్రేచర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటిగ్రల్‌ను కంప్యూటర్‌తో లెక్కించేటప్పుడు ఫంక్షన్ సాఫీగా ఉన్నచోట తక్కువ బిందువులు, మొండికేసే చోట ఎక్కువ బిందువులు పెట్టే పద్ధతి అడాప్టివ్ క్వాడ్రేచర్. ఎక్కడ ఎక్కువ పెట్టాలో మనం చెప్పం. ప్రతి ముక్కలో దోషం ఎంతుందో ప్రోగ్రామే అంచనా వేసుకుని నిర్ణయిస్తుంది. దీన్ని మొదటిసారి రాసేవాళ్ళకు, లైబ్రరీలో వాడేవాళ్ళకు దాదాపు అవే సందేహాలు వస్తుంటాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం. ఉదాహరణగా ఎక్కువగా వాడింది 0 నుంచి 1 వరకు √x ఇంటిగ్రల్. దాని అసలు విలువ 2/3 అని తెలుసు కాబట్టి పద్ధతి ఎక్కడ నిజం చెబుతోందో, ఎక్కడ బొంకుతోందో పట్టుకోవచ్చు. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టొచ్చు.

## మొదలుపెట్టే ముందు

బీటెక్‌లో నేర్చుకున్న సింప్సన్ 1/3 సూత్రం ఉందిగా, n పెంచుకుంటూ పోతే సరిపోదా?

సరిపోతుంది, కానీ ఖర్చు చూడండి. √x ను 0 నుంచి 1 వరకు సమాన దూరాల సింప్సన్‌తో 10⁻⁶ దోషానికి తేవాలంటే దాదాపు 1900 బిందువులు కావాలి. అడాప్టివ్ సింప్సన్‌కు టాలరెన్స్, అంటే మనం ఒప్పుకునే దోషం, 10⁻⁶ అని చెబితే 105 బిందువులతో ముగుస్తుంది. అసలు దోషం కూడా 3×10⁻⁷ దాటదు.

తేడా ఎక్కడినుంచి వచ్చిందంటే, √x కు ఇబ్బంది అంతా సున్నా దగ్గరే ఉంది. అక్కడ వక్రరేఖ నిట్టనిలువుగా లేస్తుంది, అవకలజం అనంతం. 0.5 దాటాక అది దాదాపు సరళరేఖే. సమాన దూరాల పద్ధతి ఈ రెండు చోట్లకూ ఒకే సాంద్రతతో బిందువులు పంచుతుంది. అడాప్టివ్ పద్ధతి మాత్రం ఆ 105 బిందువుల్లో 73ను 0 నుంచి 1/16 వరకు ఉన్న చిన్న భాగంలోనే పెడుతుంది.

అయితే ప్రతి ఇంటిగ్రల్‌కూ అడాప్టివే వాడాలా?

అక్కర్లేదు. ఆవర్తన ఫంక్షన్‌ను ఒక పూర్తి ఆవర్తనం మీద ఇంటిగ్రేట్ చేయాల్సి వస్తే, ఆ ఫంక్షన్ సాఫీగా ఉంటే, మామూలు ట్రెపిజాయిడల్ సూత్రమే గెలుస్తుంది. e^(cos x) ను 0 నుంచి 2π వరకు సమాన దూరంలో 16 బిందువులతో లెక్కిస్తే డబుల్ ప్రెసిషన్ పట్టగలిగినంత ఖచ్చితత్వం వచ్చేస్తుంది (7.95492652…). అక్కడ ముక్కలు చీల్చడం శుద్ధ దండగ.

ఇంకో సందర్భం తక్కువ మందికి తెలుసు. ఇంటిగ్రల్‌లో ఒక పరామితి ఉండి, ఆ పరామితిని మారుస్తూ కనిష్ఠం వెతుకుతున్నారనుకోండి. పరామితి కాస్త మారగానే ముక్కలు చీలే తీరు మారవచ్చు, దాంతో జవాబు టాలరెన్స్ స్థాయిలో చిన్న గంతు వేస్తుంది. టాలరెన్స్ 10⁻⁶ పెట్టి, 10⁻⁶ అడుగుతో తేడా తీసి అవకలజం లెక్కిస్తే వచ్చేది చెత్తే. అలాంటి చోట స్థిరమైన బిందువులతో గాస్ సూత్రం వాడటం మేలు. కాదంటే టాలరెన్స్‌ను బాగా బిగించాలి.

నా దగ్గర ఫంక్షన్ లేదు, సెన్సర్ ఇచ్చిన రీడింగుల పట్టిక మాత్రమే ఉంది. వాడొచ్చా?

లేదు. అడిగినచోటల్లా విలువ ఇవ్వగలిగితేనే ఈ పద్ధతికి అర్థం. పట్టికలోని బిందువులను సరళరేఖలతో కలిపి ఆ రేఖల్ని అడాప్టివ్ రొటీన్‌కు ఇస్తే, అది ప్రతి కలయిక దగ్గర ఉన్న మూలను కష్టమైన చోటుగా భావించి దాని చుట్టూ శ్రమపడుతుంది. ఆ శ్రమంతా మీ డేటా గురించి కాదు, మీరు గీసిన రేఖల గురించి. ట్రెపిజాయిడల్ సూత్రంతో నేరుగా కూడేయండి.

## దోషం అంచనా

అసలు జవాబే తెలియనప్పుడు దోషం ఎంతో ప్రోగ్రాముకు ఎలా తెలుస్తుంది?

ఒకే ముక్కను రెండు రకాలుగా లెక్కించి, రెండింటి తేడా చూస్తుంది. సింప్సన్‌లో ఇలా: ముక్క మొత్తానికి ఒకసారి సింప్సన్ వేస్తే S₁. అదే ముక్కను మధ్యలో చీల్చి రెండు సగాలకూ వేరువేరుగా వేసి కూడితే S₂. సాఫీ ఫంక్షన్‌కు ముక్క వెడల్పు సగమైతే సింప్సన్ మొత్తం దోషం 16వ వంతుకు పడిపోతుంది. అంటే S₂ లో దోషం E అయితే S₁ లో దోషం 16E. అసలు విలువ మనకు తెలియకపోయినా ఆ రెండింటి తేడా d = S₂ − S₁ తెలుసు, అది 15E కి సమానం. కాబట్టి E ≈ d/15.

√x తోనే 0.5 నుంచి 1 వరకు చూద్దాం. S₁ = 0.4309340, S₂ = 0.4309622. తేడా 0.0000282, దాన్ని 15తో భాగిస్తే 1.88×10⁻⁶. S₂ లో అసలు దోషం 2.21×10⁻⁶. పూర్తిగా సరిపోలేదు, కానీ ఈ ముక్కను ఇంకా చీల్చాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ మాత్రం అంచనా చాలు.

15తో భాగించడం ఎప్పుడూ సరైనదేనా?

కాదు. చాలామంది గమనించకుండా దాటేసే సంగతి ఇదే. 15 అనే సంఖ్య ఫంక్షన్‌కు నాలుగో అవకలజం వరకు అన్నీ బుద్ధిగా ఉన్నాయన్న ఊహ మీద నిలబడింది. √x కు సున్నా దగ్గర మొదటి అవకలజమే లేదు.

0 నుంచి 1 వరకు మొత్తం ముక్క తీసుకుంటే S₁ = 0.638071, S₂ = 0.656526, తేడా d = 0.018455. d/15 అంటే 0.00123. S₂ లో అసలు దోషం 0.01014. అంచనా ఎనిమిది రెట్లకు పైగా తక్కువ చెప్పింది! కారణం ఇది: సున్నాను తాకే ముక్కలో వెడల్పు సగమైతే దోషం 16వ వంతుకు తగ్గదు, 2^1.5 అంటే 2.83వ వంతుకే తగ్గుతుంది. కాబట్టి సరైన భాజకం 15 కాదు, 2.83 − 1 = 1.83. దానితో భాగించి చూడండి, 0.01009 వస్తుంది, అసలు దోషానికి అతుక్కున్నట్టు ఉంటుంది.

ఇందులో చిక్కేమిటంటే, అంచనా ఎక్కువగా అవసరమయ్యేది కష్టమైన చోటే, అది తప్పు చెప్పేదీ అక్కడే. అందుకే అనుభవమున్నవాళ్ళు చాలామంది 15తో భాగించకుండా d నే నేరుగా టాలరెన్స్‌తో పోలుస్తారు. సాఫీ చోట్ల కొంచెం అదనపు పని పడుతుంది. √x లాంటి మొండి చోట్ల మాత్రం d అసలు దోషానికి పైనే ఉంటుంది, పై లెక్కలో 0.0185కు ఎదురుగా 0.0101 లాగా.

టాలరెన్స్ 0.001 ఇచ్చాను, దోషం 0.003 దాటింది. నా కోడ్ తప్పా?

కోడ్ సరిగ్గానే ఉండి కూడా ఇలా జరగొచ్చు. √x, 0 నుంచి 1, టాలరెన్స్ 0.001, చీల్చినప్పుడల్లా టాలరెన్స్ సగం, పరీక్ష d/15 తో: ఈ షరతులతో అడుగడుగూ వేసి చూద్దాం.

మొదటి ముక్క [0, 1]. d/15 = 0.00123, ఇది 0.001 కంటే ఎక్కువ కాబట్టి చీల్చాలి. ఇప్పుడు రెండు ముక్కలు, ఒక్కోదానికి టాలరెన్స్ 0.0005. కుడి ముక్క [0.5, 1] లో d/15 = 0.0000019. హాయిగా దాటిపోతుంది. ఎడమ ముక్క [0, 0.5] లో d/15 = 0.000435. ఇదీ 0.0005 లోపే ఉంది కాబట్టి ప్రోగ్రామ్ ఒప్పుకుని ఆగిపోతుంది. మొత్తం 9 బిందువులు.

ఆ ఎడమ ముక్కలో S₂ అసలు దోషం మాత్రం 0.0036. జవాబుకు d/15 సవరణ కలిపినా 0.663516 వస్తుంది, అసలు విలువ 0.666667. మిగిలిన దోషం 0.00315, మీరు అడిగినదానికి మూడు రెట్లు. ఇలాంటిది అనుమానమైతే టాలరెన్స్‌ను వందో వంతు చేసి మళ్ళీ నడపండి. రెండు జవాబుల మధ్య తేడా మొదటి టాలరెన్స్ కంటే ఎక్కువగా ఉంటే, మొదటిసారి అంచనా బొంకిందని అర్థం.

## కోడ్ రాసేటప్పుడు

అడాప్టివ్ సింప్సన్ కనీస కోడ్ ఎలా ఉంటుంది?

పైథాన్‌లో ఇంతే:

```python
def step(f, a, fa, m, fm, b, fb, S, tol, depth):
    l, r = (a + m) / 2, (m + b) / 2
    fl, fr = f(l), f(r)
    L = (m - a) / 6 * (fa + 4*fl + fm)
    R = (b - m) / 6 * (fm + 4*fr + fb)
    d = L + R - S
    if depth == 0 or abs(d) <= 15 * tol:
        return L + R + d / 15
    return (step(f, a, fa, l, fl, m, fm, L, tol/2, depth-1) +
            step(f, m, fm, r, fr, b, fb, R, tol/2, depth-1))

def simpson(f, a, b, tol, depth=50):
    m = (a + b) / 2
    fa, fm, fb = f(a), f(m), f(b)
    S = (b - a) / 6 * (fa + 4*fm + fb)
    return step(f, a, fa, m, fm, b, fb, S, tol, depth)
```

`step` కు అన్ని ఆర్గ్యుమెంట్లు ఎందుకంటే, ఇప్పటికే లెక్కించిన విలువల్ని పిల్ల ముక్కలకు అందించడానికి. అలా అందిస్తే ఒక్కో కొత్త ముక్కకు రెండు కొత్త విలువలే కావాలి. చాలామంది మొదటి ప్రయత్నంలో `a`, `b` మాత్రమే పంపి, ప్రతి ముక్కలో ఐదు విలువలూ మళ్ళీ లెక్కిస్తారు. ఫంక్షన్ తేలికైతే తెలియదు. ఒక్కో విలువకు ఒక సిమ్యులేషన్ నడవాలంటే మాత్రం ఖర్చు రెండున్నర రెట్లు అవుతుంది.

ఈ కోడ్‌లో కావాలని వదిలేసిన లోపం ఒకటుంది. `depth` సున్నాకు చేరితే అది నోరు మెదపకుండా ఉన్న విలువే తిరిగి ఇస్తుంది. నిజమైన పనికి వాడేముందు ఆ సందర్భంలో ముక్క హద్దుల్ని ఒక జాబితాలో రాసుకుని, చివర్లో చూపించేలా మార్చండి.

ముక్కను చీల్చినప్పుడు టాలరెన్స్‌ను సగం చేయాలా, అలాగే ఉంచాలా?

సగం చేస్తే అన్ని ముక్కల దోషం అంచనాలు కలిపినా మొత్తం టాలరెన్స్ దాటదు, కాబట్టి గణితపరంగా అది న్యాయం. కానీ అతి పిసినారితనం. √x కు టాలరెన్స్ 10⁻⁶ ఇచ్చి d/15 పరీక్షతో నడిపితే, సున్నా వైపు ముక్క 21 మెట్లు దిగి 4.8×10⁻⁷ వెడల్పుకు చేరేదాకా ఆగదు. ఆ చివరి ముక్కలో అసలు దోషం 3×10⁻¹² మాత్రమే. అడిగింది 10⁻⁶ అయితే అంత లోతుకు పోవాల్సిన పనే లేదు.

సగం చేయకుండా 10⁻⁶ నే ఉంచితే 7 మెట్లకే ఆగుతుంది. ఇప్పుడు సమస్య తిరగబడింది: ఆ ముక్కలో అసలు దోషం 7×10⁻⁶, ఎందుకంటే d/15 అక్కడ ఎనిమిది రెట్లు తక్కువ చెబుతుంది. సగం చేయడంలోని పిసినారితనం ఇన్నాళ్ళూ ఈ తప్పును కప్పిపుచ్చుతూ వచ్చిందన్నమాట. టాలరెన్స్‌ను అలాగే ఉంచి, d ని 15తో భాగించకుండా పోలిస్తే 10 మెట్లకు ఆగుతుంది, ఆ ముక్క దోషం 3×10⁻⁷. మూడింటిలో ఇదే మాకు సబబుగా తోస్తుంది. అయితే ముక్కలు చాలా ఉన్నప్పుడు వాటి దోషాలన్నీ కలిసి టాలరెన్స్ దాటకూడదంటే మొత్తాన్ని ఒకచోట కూడి చూడాలి.

ఆ కూడి చూసే పద్ధతినే గ్లోబల్ వ్యూహం అంటారు. ముక్కలన్నిటినీ వాటి దోషం అంచనాతో సహా ఒక హీప్‌లో పెట్టి, ప్రతిసారీ అన్నిటికంటే ఎక్కువ దోషమున్న ముక్కను తీసి చీల్చి, రెండు పిల్లల్నీ తిరిగి హీప్‌లో వేయాలి. అంచనాల మొత్తం టాలరెన్స్ లోపు రాగానే ఆపేయాలి. ఇందులో టాలరెన్స్ పంచుకోవడమన్న ప్రశ్నే రాదు. మధ్యలో ఆపినా అప్పటివరకు ఉన్న జవాబు, దాని దోషం రెండూ చేతిలో ఉంటాయి.

లోతు పరిమితి ఎంత పెట్టాలి?

సాధారణంగా 50. డబుల్ ప్రెసిషన్‌లో 53 బిట్లు ఉంటాయి కాబట్టి, ముక్క సున్నాకు దూరంగా ఉంటే అంతకు మించి చీల్చినా మధ్యబిందువు ఏదో ఒక చివరతో కలిసిపోతుంది. `m` విలువ `a` కి గానీ `b` కి గానీ సమానమైతే ఆపేయమని ఒక పరీక్ష కూడా పెట్టండి. లోతు 50 పైథాన్ రికర్షన్ పరిమితికి చాలా కింద ఉంటుంది కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

## జవాబు అనుమానంగా ఉన్నప్పుడు

ఫంక్షన్ ఎక్కడా రుణాత్మకం కాదు, అయినా ఇంటిగ్రల్ సున్నా వచ్చింది. ఎలా?

మీరు చూసిన బిందువులన్నీ సున్నాల మీదే పడ్డాయి. sin²(4πx) ను 0 నుంచి 1 వరకు అడాప్టివ్ సింప్సన్‌కు ఇవ్వండి. అది మొదట చూసేది 0, 0.25, 0.5, 0.75, 1. ఈ ఐదింటి దగ్గరా ఫంక్షన్ సున్నా. S₁ సున్నా, S₂ సున్నా, తేడా సున్నా. దోషం లేదనుకుని ప్రోగ్రామ్ అక్కడే ముగిస్తుంది. అసలు జవాబు 1/2.

సన్నని శిఖరమున్న ఫంక్షన్లకూ ఇదే గతి. 0 నుంచి 1000 వరకు పరిధిలో ఒక యూనిట్ వెడల్పున్న శిఖరం ఉంటే మొదటి ఐదు బిందువులూ దాన్ని తాకకపోవచ్చు. దోషం అంచనా చూసిన బిందువుల గురించే మాట్లాడగలదు, చూడని చోటు గురించి దానికి ఏమీ తెలియదు. టాలరెన్స్ ఎంత బిగించినా లాభం లేదు, ఎందుకంటే సున్నా ఏ టాలరెన్స్ కంటే అయినా తక్కువే.

పరిష్కారాలు రెండు. పరిధిని మొదటే అసమానమైన కొన్ని ముక్కలుగా చేసి ఒక్కోదాన్ని విడిగా నడపండి. 0, 0.27, 0.61, 1 లాంటి వంకర హద్దులైతే ఆవర్తనంతో లయ కలవదు. శిఖరం ఎక్కడుందో మీకు ముందే తెలిస్తే అక్కడే హద్దు పెట్టండి, అది ఇంకా మంచిది.

ఒకచోట ఎంత చీల్చినా ఆగడం లేదు. కారణం ఎలా కనుక్కోవాలి?

ఆ చోట ముక్క హద్దుల్ని, d విలువను మెట్టు మెట్టుకూ ప్రింట్ చేసి, మెట్టు దిగినప్పుడల్లా d ఎన్నో వంతుకు తగ్గుతోందో చూడండి. ఆ నిష్పత్తే రోగం పేరు చెబుతుంది.

సాఫీ ఫంక్షన్‌లో ముక్క సగమైతే దాని d 32వ వంతుకు పడుతుంది. √x లాంటి చివర దగ్గర 2.83వ వంతుకు. |x − 1/3| లాంటి మూల ఉంటే 4వ వంతుకు. మూల దగ్గర నెమ్మదిగా అయినా చివరికి ఆగుతుంది. ఫంక్షన్ ఒక్కసారిగా గంతు వేస్తే d సగానికి మాత్రమే తగ్గుతుంది. మీరు టాలరెన్స్‌ను కూడా సగం చేస్తున్నారు కాబట్టి రెండింటి నిష్పత్తి మెట్టు మెట్టుకూ అలాగే ఉండిపోతుంది, ముక్క ఎన్నటికీ పాస్ కాదు. లోతు పరిమితి అడ్డుకునేదాకా పోతూనే ఉంటుంది. మందు సులువు: గంతు ఎక్కడుందో కనిపెట్టి అక్కడ ఇంటిగ్రల్‌ను రెండుగా విడగొట్టండి. గంతు 1/3 దగ్గర ఉంటే, సగాలు చేసుకుంటూ పోయి ఆ బిందువును తాకడం ఎప్పటికీ జరగదని గుర్తుంచుకోండి.

d సగానికే తగ్గే ఇంకో సందర్భం నాయిస్. ఫంక్షన్ విలువే మరో గణన నుంచి వస్తూ, దానిలో 10⁻⁸ స్థాయి అలజడి ఉంటే, ముక్క చిన్నదయ్యాక S₁, S₂ తేడా అంతా ఆ అలజడే. గంతుకూ నాయిస్‌కూ తేడా పట్టడానికి ఒక గుర్తు ఉంది. గంతు ఉంటే ఇద్దరు పిల్లల్లో ఒకటే మొండికేస్తుంది, రెండోది వెంటనే పాస్ అవుతుంది. నాయిస్ అయితే రెండు పిల్లలూ, వాటి పిల్లలూ అన్నీ మొండికేస్తాయి, ముక్కల సంఖ్య రెట్టింపవుతూ ప్రోగ్రామ్ స్తంభించిపోతుంది. అప్పుడు టాలరెన్స్‌ను నాయిస్ స్థాయికి పైకి తేవడం ఒక్కటే మార్గం.

d అసలు తగ్గకపోతే ఇంటిగ్రల్‌కు విలువే లేకపోవచ్చు. చివరి బిందువును తాకని సూత్రంతో 1/x ను సున్నా నుంచి ఇంటిగ్రేట్ చేస్తే, మెట్టు దిగినప్పుడల్లా మొత్తం జవాబు 0.693 చొప్పున పెరుగుతూ పోతుంది. అది ln 2. ఆ సంఖ్య కనిపిస్తే ఇక టాలరెన్స్ మార్చి ప్రయోజనం లేదు, సమస్యను తిరిగి రాసుకోవాలి.

చివరి బిందువు దగ్గర ఫంక్షన్ అనంతం. nan వస్తోంది.

1/√x ను 0 నుంచి 1 వరకు తీసుకుంటే ఇంటిగ్రల్ విలువ 2, బుద్ధిగా ఉన్న సంఖ్యే. కానీ సింప్సన్ సున్నా దగ్గర విలువ అడుగుతుంది. నంపై వాడితే అక్కడ `inf` వస్తుంది, S₁, S₂ రెండూ `inf`, వాటి తేడా `nan`. `nan` తో చిన్నదా, పెద్దదా అన్న ఏ పోలికైనా అబద్ధమే కాబట్టి ముక్క పాస్ కాదు, లోతు పరిమితి దాకా దిగి చివరికి `nan` ఇస్తుంది. మామూలు పైథాన్‌లో అయితే మొదటే `ZeroDivisionError`.

కొందరు 0 బదులు 10⁻¹⁰ నుంచి మొదలుపెడతారు. అది వద్దు. వదిలేసిన ఆ చిన్న భాగం విలువ 2×√(10⁻¹⁰), అంటే 2×10⁻⁵. అనుకున్నదానికంటే చాలా పెద్ద నష్టం.

సరైన మందు చలరాశి మార్చడం. x = t² అని పెడితే dx = 2t dt, లోపల మిగిలేది స్థిరసంఖ్య 2. √x కూ ఇదే మార్పు చేస్తే 2t² వస్తుంది, దాన్ని సింప్సన్ మూడే బిందువులతో తేడా లేకుండా లెక్కిస్తుంది. 105 బిందువుల పని మూడింటితో తేలిపోయింది! చివర ఎలా చెడుతోందో కాగితం మీద రెండు నిమిషాలు ఆలోచిస్తే ఏ అడాప్టివ్ ప్రోగ్రామూ ఇవ్వలేనంత లాభం ఉంటుంది.

## లైబ్రరీ వాడేటప్పుడు

scipy లోని quad లోపల ఏ పద్ధతి ఉంది?

1983లో పుస్తకంగా వచ్చిన QUADPACK అనే ఫోర్‌ట్రాన్ లైబ్రరీ పద్ధతులు. మామూలు పరిమిత పరిధికి అది QAGS వాడుతుంది. అందులో ప్రతి ముక్కకూ 21 బిందువుల గాస్-క్రోన్‌రాడ్ సూత్రం వేస్తారు. అందులో పది బిందువులు మామూలు గాస్ సూత్రానివే, కాబట్టి అవే విలువలతో రెండు జవాబులు వస్తాయి, వాటి తేడా నుంచి దోషం అంచనా కడతారు. చీల్చడానికి గ్లోబల్ వ్యూహం: ఎప్పుడూ అన్నిటికంటే చెడ్డ ముక్కే ముందు. పైగా వరుసగా వచ్చే జవాబుల ధోరణి చూసి హద్దు విలువను ఊహించే ఎప్సిలాన్ అల్గారిథమ్ కూడా ఉంది. √x, 1/√x లాంటి చివరల్ని అది ఇబ్బంది లేకుండా దాటడానికి కారణం అదే. గాస్-క్రోన్‌రాడ్ బిందువుల్లో ముక్క చివరలు ఉండవు కాబట్టి అక్కడ అనంతం ఉన్నా `nan` రాదు.

quad వెంటనే ఆగిపోయి తప్పు జవాబు ఇచ్చింది. నా ఇంటిగ్రల్ విలువ 10⁻¹² స్థాయిలో ఉంటుంది.

కారణం `epsabs`. `quad` రెండు టాలరెన్స్‌లు తీసుకుంటుంది, `epsabs`, `epsrel`, రెండింటికీ డిఫాల్ట్ 1.49e-8. రెండింటిలో ఏ ఒక్కటి తీరినా ఆగుతుంది. మీ జవాబే 10⁻¹² అయితే, జవాబు ఎంత తప్పినా దోషం 1.49e-8 లోపే ఉంటుంది కాబట్టి మొదటి 21 బిందువులకే పని ముగిసిందనుకుంటుంది. పరమాణు స్థాయి రాశుల్ని మీటర్లు, కిలోగ్రాముల్లో పెట్టి లెక్కించేవాళ్ళకు ఇది తరచూ ఎదురవుతుంది.

```python
quad(f, a, b, epsabs=0, epsrel=1e-8)
```

ఇలా అడిగితే నిష్పత్తి టాలరెన్స్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. లేదంటే రాశుల్ని 1 దరిదాపులకు వచ్చేలా స్కేల్ చేసుకోండి. దీనికి వ్యతిరేక సందర్భం కూడా ఉంది: ధన, రుణ భాగాలు కొట్టేసుకుని ఇంటిగ్రల్ సున్నా అయితే `epsrel` కు అర్థం ఉండదు. అప్పుడు `epsabs` కు మీకు నిజంగా సరిపోయే సంఖ్య ఇవ్వాలి.

మూల ఎక్కడుందో నాకు తెలుసు. quad కు చెప్పొచ్చా?

చెప్పాలి కూడా.

```python
quad(lambda x: abs(x - 1/3), 0, 1, points=[1/3])
```

ఇక్కడ రెండు ముక్కల్లోనూ ఫంక్షన్ సరళరేఖే కాబట్టి జవాబు 5/18 వెంటనే వస్తుంది. పరిధి హద్దుల్లో ఏదైనా అనంతమైతే `points` పనిచేయదు. అప్పుడు మీరే పరిధిని విడగొట్టి రెండు సార్లు పిలిచి కూడుకోవాలి.

రెండు చలరాశుల ఇంటిగ్రల్‌కు quad లోపల quad పెట్టాను. గంటలు గడిచినా ముగియడం లేదు.

లోపలి `quad` ఇచ్చే ప్రతి విలువలోనూ దాని టాలరెన్స్ మేరకు దోషం ఉంటుంది. పక్కపక్క బిందువుల్లో లోపలి ముక్కలు వేరువేరుగా చీలతాయి కాబట్టి ఆ దోషం బయటి `quad` కు నాయిస్‌లా కనిపిస్తుంది. రెండింటికీ ఒకే టాలరెన్స్ ఇస్తే బయటిది ఆ నాయిస్‌ను తగ్గించాలని చూస్తూ చీలుస్తూనే ఉంటుంది. లోపలి టాలరెన్స్‌ను బయటిదానికంటే కనీసం పది రెట్లు, కుదిరితే వంద రెట్లు బిగించండి. వింతగా అనిపించినా, లోపల ఎక్కువ పని చేయించడం వల్ల మొత్తం పని తగ్గుతుంది. లోపలి ఫంక్షన్‌కు బయటి చలరాశి y మీద ఆధారపడి కదిలే మూల ఉంటే, దాని స్థానాన్ని y నుంచి లెక్కించి లోపలి పిలుపులో `points` గా ఇవ్వండి.